సంక్షిప్తిని సరిదిద్దుకోవడం

మీరు తుష్నాబాద్‌లో చదువుకుంటున్నారనుకోండి. అండమాన్ ట్రంక్ రోడ్డు గురించిన నాలుగు పేరాల వ్యాసాన్ని సంక్షిప్తం చేస్తూ, అభ్యాసపత్రంలో ఇలా రాశారు:

“2002లో సుప్రీంకోర్టు ఈ ఘోరమైన రోడ్డును మూయించింది. దీనివల్ల జారవాలు నష్టపోయారు.”

దీనిని మూలంతో పోల్చి చూడండి.

మొదట వాస్తవం. కోర్టు ఆదేశించింది జారవా రిజర్వు మీదుగా పోయే భాగాన్ని మూయమని. కానీ రోడ్డు మూతపడలేదు. జిర్కాటాంగ్ నుండి వాహనాలు ఇప్పటికీ గుంపుగా పోలీసు రక్షణతో సాగుతున్నాయి. ఆదేశం వేరు, అమలు వేరు.

రెండవది తటస్థత. “ఘోరమైన” అన్నది వ్యాసకర్త మాట కాదు, మీది. తీసివేయండి.

మూడవది పాళ్లు. మూలంలో రెండు పేరాలు జారవాల గురించి, ఒకటి రంగత్, మాయాబందర్ వాసుల రాకపోకల గురించి ఉన్నాయనుకుందాం. మీరు రెండవ పక్షాన్ని పూర్తిగా వదిలేశారు. సమానంగా కాకపోయినా, దానికీ చోటివ్వాలి.

సవరించిన రూపం:

“జారవా రిజర్వు మీదుగా పోయే రోడ్డు భాగాన్ని మూయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా, అది ఇంకా తెరిచే ఉంది. రాకపోకల వల్ల జారవాలకు వ్యాధులు, బయటివారి జోక్యం ఎదురవుతాయని వ్యాసం వివరిస్తుంది. ఉత్తరాది గ్రామస్థులకు ఈ రోడ్డు అవసరమనీ పేర్కొంటుంది.”

పాఠ్యగత ప్రశ్న: “ఆదేశించినా” బదులు “ఆదేశించినందున” అని రాస్తే అర్థం ఎలా మారుతుంది?