లగ్నపత్రికకు ముందే తేల్చుకోవాల్సిన మాట



సంబంధం దాదాపు ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమనీ, ఇంటివాళ్ళు మర్యాదస్తులనీ చాలాసేపు చెప్పి, పెట్టేయబోతూ గొంతు తగ్గించి ఇంకో మాట అంది. పెళ్ళయ్యాక నువ్వు టీచర్ ఉద్యోగం మానేసి బెంగళూరు వచ్చేయాలని అబ్బాయి కోరాడట. నువ్వు ఏమీ అనకుండా ఊరుకున్నావట. నీ మౌనాన్ని వాళ్ళు ఒప్పుకోలుగా తీసుకుంటారు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు వదులుకోబోయేది ఏమిటో ముందు చూద్దాం. 2018 డీఎస్సీ తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొకటి పూర్తవడానికి 2025 దాకా పట్టింది. 16,347 పోస్టుల్లో ఒకటి నీకు వచ్చింది. ఎస్జీటీ మూలవేతనం 32,670. ‘మా వాడి జీతంలో ఇది ఎంత?’ అని ఎవరైనా అంటే అననీ. ఆ పోస్టు రాజీనామా చేసి వదిలేస్తే, కావాలనుకున్నప్పుడు తిరిగి రాదు. టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, నిజమే. కానీ దానితో మళ్ళీ డీఎస్సీ రాయాలి, అది ఎప్పుడొస్తుందో చూస్తూ కూర్చోవాలి, ఈలోగా వయసు పెరుగుతుంది. సీపీఎస్ ఖాతాలో పడిన డబ్బు నీదే, సర్వీసు మాత్రం రద్దయిపోతుంది. రాజీనామాను పై అధికారి ఆమోదించక ముందైతే వెనక్కి తీసుకోవచ్చు. ఆమోదించాక ఆ తలుపు మూసుకున్నట్టే. కాబట్టి ఎవరు ఎంత తొందరపెట్టినా రాజీనామా పత్రం మీద సంతకం పెట్టకు. పెళ్ళికీ, ఆ తర్వాత సర్దుకోవడానికీ సమయం కావాలంటే సెలవు అడుగు. అయితే జీతం లేని సెలవు విషయంలో జాగ్రత్త. మూడేళ్ళ వ్యవధిలో రెండేళ్ళు డ్యూటీలో ఉంటేనే నీ ప్రొబేషన్ పూర్తవుతుంది, ఆ సెలవు రోజులు ఆ లెక్కలోకి రావు. రేపు బిడ్డ పుడితే 180 రోజులు జీతంతో ప్రసూతి సెలవు ఉంది. ‘పిల్లలు పుడితే ఎలాగూ మానాలి కదా’ అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

ఇక అబ్బాయి మాట. అతన్ని చెడ్డవాడని నేను అనను, నేను చూడలేదు. మానేయమనే మాట వెనక రెండు రకాల మనసులు ఉంటాయి. ఒకరికి దూరం బాధ: పెళ్ళి చేసుకుని వేరు వేరు ఊళ్ళలో ఉండడమేమిటని. ఇంకొకరికి నీ చేతిలో నీ జీతం ఉండడమే ఇష్టం ఉండదు. పైకి ఇద్దరూ ఒకే మాట అంటారు. వీళ్ళలో ఎవరో తెలుసుకోవాలంటే దూరానికి ఒక దారి చూపించి, ఏమంటాడో చూడాలి.

నీ విషయంలో దారి ఉంది. నీ బడి హిందూపురం పక్కనే. అక్కడి నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు, రైలు ఎక్కితే రెండు, రెండున్నర గంటల్లో దిగిపోతారు. డీఎస్సీ పోస్టు జిల్లాకు కట్టుబడినది కాబట్టి నీకు కర్ణాటకకు బదిలీ దొరకదు, ఆ ఆశ పెట్టుకోకు. అతను ఇంటి నుంచి పనిచేసే రోజులు ఉంటే హిందూపురంలో ఇల్లు తీసుకుని, ఆఫీసుకు వెళ్ళాల్సిన రోజుల్లో అతనే వెళ్ళిరావచ్చు. లేదా వారాంతాలకూ, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకూ నువ్వు అక్కడికి వెళ్ళవచ్చు. ఇదంతా అతని ముందు పెట్టు. ‘వారంలో రెండు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు, మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎలా చేద్దాం?’ అని అతను లెక్కలోకి దిగితే, అతనికి కావలసింది నువ్వు దగ్గర ఉండడమే. అలాంటివాడితో బేరం కుదురుతుంది. ‘దూరం కాదులే, మా ఇంట్లో ఆడవాళ్ళు పనిచేయరు’ అనో, ‘నా జీతం చాలదా?’ అనో కారణం మారుస్తూ పోతే, నువ్వు ఎన్ని దారులు చూపినా అతనికి ఇంకో అడ్డు దొరుకుతుంది. ‘ముందు మానెయ్, తర్వాత బెంగళూరులో ఏదైనా ప్రైవేటు స్కూల్లో చూద్దాం’ అన్న మాటనూ ఇందులోనే వేసుకో. ఆ ‘తర్వాత’ ఎప్పుడో, ఎంత జీతానికో, అప్పుడు వంట ఎవరు చేస్తారో అడిగి చూడు.

ఈ సంభాషణ మధ్యవర్తుల చేత చేయించకు. అతనితో నువ్వే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడు. ఒప్పుకున్న సంగతిని తర్వాత రెండు వైపుల పెద్దల ముందూ ఒకసారి చెప్పించు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1978లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, స్వరాజ్ గార్గ్ కేసు అంటారు. ఆమె పంజాబులోని సునామ్‌లో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. 1964లో పెళ్ళయింది. భర్తకు ఢిల్లీలో ఆమెకంటే తక్కువ జీతం. ఉద్యోగం వదిలి తన దగ్గరికి వచ్చి కాపురం చేయాలని అతను కోర్టుకెక్కాడు. కాపురం ఎక్కడుండాలో నిర్ణయించే హక్కు భర్త ఒక్కడికే ఉందని హిందూ ధర్మశాస్త్రం చెప్పలేదనీ, అలా అంటే రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమనీ చెప్పి కోర్టు ఆమె పక్షాన నిలిచింది. ఆ తీర్పులో నాకు బాగా గుర్తుండిపోయిన మాట వేరే ఉంది. ఎక్కడ కాపురముండాలో ఈ దంపతులు పెళ్ళికి ముందు గానీ, తర్వాత గానీ మాట్లాడుకోనే లేదని జడ్జీలు రాశారు. మాట్లాడుకోని ఆ ఒక్క సంగతి పద్నాలుగేళ్ళ తర్వాత హైకోర్టులో తేలింది.

2024లో మధ్యప్రదేశ్ హైకోర్టు కూడా, ఉద్యోగం మానమని భార్యను ఒత్తిడి చేయడం క్రూరత్వమేనని చెప్పి ఆమెకు విడాకులు ఇచ్చింది. చట్టం నీ వైపే ఉంది. కానీ నువ్వు చట్టం దాకా వెళ్ళాల్సి రాకూడదనే నా తాపత్రయం.

సంబంధం కుదిరినా, కొన్ని నీ దగ్గరే ఉండాలి. జీతం పడే ఖాతా నీ ఒక్కదాని పేరు మీదే ఉండనీ, ఏటీఎం కార్డూ పిన్నూ ఎవరికీ ఇవ్వకు. ఇంటి ఖర్చుకు ఎంత ఇవ్వాలో ఇద్దరూ కలిసి అనుకుని ఆ మొత్తం బదిలీ చెయ్యి. పదో తరగతి మెమో, డి.ఎడ్., టెట్, నియామక ఉత్తర్వు, అన్నిటి ఒరిజినళ్ళూ నీ బీరువాలోనే ఉండాలి. నాతో పనిచేసిన ఒక టీచరమ్మ సర్టిఫికెట్లు అత్తవారింట్లో ‘భద్రంగా’ దాచారు. పదోన్నతి పరిశీలన రోజున అవి దొరకలేదు. ఆమె సంవత్సరం పాటు డూప్లికేట్ల కోసం తిరిగింది.

నాన్న ఏమంటారోనని నీకు భయం, నాకు తెలుసు. ‘మంచి సంబంధం చేజారుతుంది’ అంటారు. ఆ మాట నాకు వదిలెయ్, బావగారితో నేను మాట్లాడతాను. నువ్వు మాత్రం లగ్నపత్రిక రాయించుకునే లోపు ఆ అబ్బాయిని హిందూపురానికి రమ్మను, నీ బడి చూపించు, అడగాల్సింది అడుగు. ఏం జవాబిచ్చాడో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

మీ చిన్నమ్మ