ముక్కలు అన్నే, దారం ఎందుకు మిగిలింది?

ప్రశ్న: మా ఐదో తరగతి పిల్లలు చుట్టుకొలత అడిగితే పొడవు, వెడల్పులను గుణిస్తున్నారు. వైశాల్యం అడిగితే కూడుతున్నారు. సూత్రాలు ఎన్నిసార్లు రాయించినా అంతే. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, గిద్దలూరు మండలం

జవాబు: రెండు లెక్కల్లోనూ మనం ఇచ్చేవి అవే రెండు అంకెలు. అందుకే పిల్లలు గుర్తొచ్చిన సూత్రం వేసేస్తారు. ఒకటి అంచు పొడవు, రెండోది లోపల పరుచుకున్న చోటు అని ముందు వాళ్ల చేతులకు తెలియాలి. కొన్నాళ్లు సూత్రాలు పక్కన పెట్టండి.

మార్కాపురం పలక రాయిని 10 సెంటీమీటర్ల చదరాలుగా కోయించి, అంచులు నున్నగా చేయించండి. అట్టముక్కలైనా సరే. 12 ముక్కలను ఆరేసి చొప్పున రెండు వరుసలు పేర్పించి, చుట్టూ దారం పెట్టి కత్తిరించమనండి. 160 సెంటీమీటర్లు వస్తుంది. అవే ముక్కలను నాలుగేసి చొప్పున మూడు వరుసలు చేస్తే 20 సెంటీమీటర్ల దారం మిగులుతుంది. ఎందుకు మిగిలిందో వాళ్లనే వెతకనివ్వండి, మీరు చెప్పకండి.

మర్నాడు 160 సెంటీమీటర్ల దారంతోనే వేర్వేరు దీర్ఘచతురస్రాలు చేయించండి. ఒకదాంట్లో 7 ముక్కలే పడతాయి, ఇంకోదాంట్లో 15. నాలుగు నాలుగుల చదరంతో మాత్రం మొదలుపెట్టొద్దు. అక్కడ ముక్కలూ 16, బయటి అంచులూ 16 కావడంతో గందరగోళం పెరుగుతుంది.

నాలుగేసి చొప్పున మూడు వరుసలు పేర్చినప్పుడు కొందరు బయటి అంచులకు బదులు అంచు ముక్కలనే లెక్కపెట్టి, 14 రావాల్సిన చోట 10 అంటారు. మూల ముక్కకు బయటి అంచులు రెండని వేలితో తడిమించండి.

ముక్కలు లెక్కించేటప్పుడే ఎవరైనా పదేపదే తప్పుతుంటే, ముందు కంటి పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. తరగతి మొత్తం తడబడుతుంటే పిల్లల నోటుపుస్తకాలతో స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో గణిత రిసోర్స్ పర్సన్‌ను కలవండి.