వరహా కావాలా, శారద కావాలా?

బడి మైదానంలో కబడ్డీ జట్లు కట్టాలంటే ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినీ పిలవడం మామూలు. మొదటి నాలుగైదు పేర్లు చకచకా వస్తాయి. ఆ తర్వాత నాయకులు తటపటాయిస్తారు. చివరికి మిగిలినవాణ్ణి ఎవరూ కోరుకోరు, ఏదో ఒక జట్టుకు అంటగడతారు. తన విలువ అందరి ముందూ తేలిపోయిన ఆ నిమిషాన్ని ఆ పిల్లవాడు ఆట ముగిశాక కూడా మరిచిపోలేడు.

దీనికి విరుగుడు తెలుగు పిల్లల ఆటల్లోనే ఉంది. అదే ఉద్దులు కట్టడం.

ఆటలో సమవుజ్జీలైన ఇద్దరు పక్కకెళ్లి గుట్టుగా చెరో పేరు పెట్టుకుంటారు. భుజాల మీద చేతులేసుకుని నాయకుల దగ్గరకు వస్తారు. నర్సీపట్నం పక్కనున్న బలిఘట్టం పిల్లలకు పేర్ల కోసం వెతుక్కునే పనే లేదు, ఊరి దగ్గరే వరహా నది ఉంది, రెండో పేరుకు శారదా నది ఉంది. "వరహా కావాలా, శారద కావాలా?" అని అడిగితే చాలు. నాయకుడు "వరహా" అంటే ఆ పేరు పెట్టుకున్నవాడు అటు, రెండోవాడు ఇటు. కోరుకున్నది పేరునే, మనిషిని కాదు.

పద్నాలుగు మంది ఉన్నారనుకుందాం. నాయకులిద్దరూ ఒక ఉద్ది, మిగతా పన్నెండు మంది ఆరు ఉద్దులు. పేరు పెట్టి పిలిచే పద్ధతిలో ముందు కోరుకునే నాయకుడికి ప్రతి విడతలోనూ కాస్త మెరుగైనవాడే దొరుకుతాడు, ఆ తేడా పోగుపడుతుంది. ఉద్దుల్లో ఆ తేడా ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంది.

అయితే జతలు కట్టే పని పిల్లలకే వదిలేస్తే పాత బాధే మళ్లీ మొదలవుతుంది. స్నేహితులు జతకడతారు, ఒకడి దగ్గరకు ఎవరూ రారు. అందుకే ఉద్దులను మాస్టారే కట్టాలి, అదీ ఆ ఆటను బట్టి. కబడ్డీలో సమవుజ్జీలు ఖోఖోలో కాకపోవచ్చు. జతలను పిలిచే వరుస కూడా కలగాపులగంగా ఉండాలి. గట్టి జతలను ముందు పిలుస్తూ పోతే చివరి జత సంగతి అందరికీ తెలిసిపోతుంది. కనుసైగలతో పేరు నాయకుడికి చేరవేసే పిల్లలూ ఉంటారు. పేర్లు ముందుగా మాస్టారి చెవిలో చెప్పించి, నాయకులను వెనక్కి తిరిగి నిలబడమంటే ఆ చిక్కు తీరుతుంది.

పిల్లలు బేసిగా ఉంటే? పూర్వం చిన్నవాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకునేవారు. ఒకే ఈడు పిల్లలున్న తరగతిలో అలా చేస్తే మనసు నొచ్చుకుంటుంది. ఉద్దులు కట్టకముందే అందరూ పంటలు వేసి ఒకరిని తేల్చుకోవడం మేలు. పండినవారు మొదటి సగం పాయింట్లు లెక్కపెట్టి, రెండో సగంలో ఇంకొకరి స్థానంలో ఆడాలి.

తరగతి గదిలో ప్రాజెక్టు పనికి నాయకులే అక్కర్లేదు. నలభై మందికి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలున్న చీటీలు, ఒక్కో అంకెకు ఐదేసి చొప్పున కలిపి తీయిస్తే సరిపోతుంది. బెంచీల వెనక చీటీలు చేతులు మారకుండా, తీసిన వెంటనే అంకెను పేరు పక్కన రాసుకోవాలి.