సూత్రం కలుపుకోని వరుస

ప్రశ్న: రాని బాకీల కేటాయింపును లెక్కించే ఎక్సెల్ ఫైలును ఆడిటర్ ఎలా పరిశీలించాలి?

జవాబు: బాకీల మొత్తాన్ని వేరే షీటులో `=SUM(Data!D2:D40)` అని రాసినప్పుడు, 41వ వరుసలో రూ. 6 లక్షల బాకీ కొత్తగా చేరినా సూత్రం దానిని కలుపుకోదు కాబట్టి, ఏ దోష సందేశమూ లేకుండానే కేటాయింపు తగ్గి, లాభం పెరిగినట్లు కనిపిస్తుంది. ఇటువంటి నిశ్శబ్ద దోషమే అన్నిటికంటే ప్రమాదకరం. అందువల్ల ఆడిటర్ ముందుగా ఆ మొత్తాన్ని లెడ్జరు నిల్వతో సరిపోల్చి, తరువాత సూత్రం ఉండవలసిన గడులను `=ISFORMULA(E2)` వంటి పరీక్షతో చూడాలి. అంకె ఉన్న గడికి `FALSE` వస్తే, అక్కడ సూత్రానికి బదులు విలువను నేరుగా పెట్టారని అర్థం. ఆమోదం పొందిన గత త్రైమాసికపు వెర్షన్‌తో, అంటే భద్రపరచిన ప్రతితో, సూత్రాలను పోల్చితే మార్పు ఎక్కడ జరిగిందో తేలుతుంది. షీటు పాస్‌వర్డు పొరపాటు మార్పులను ఆపగలదే గాని ఉద్దేశపూర్వకమైన వాటిని ఆపలేదు కనుక, ఫోల్డరులో రాసే అనుమతిని ఫైలు తయారుచేసే వారికే పరిమితం చేసి, సమీక్షకునికి చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి.