పాఠం 14 : దీర్ఘ అనారోగ్యం తరువాత తిరిగి పనిలో చేరుతూ రాసే లేఖ

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
- డాక్టరు చెప్పిన జాగ్రత్తలను మీ పని భాషలోకి మార్చి రాయగలుగుతారు.
- పని గంటలను క్రమంగా పెంచే పద్ధతిని తేదీలతో సహా ప్రతిపాదించగలుగుతారు.
- జీతం గురించి ముందుగానే స్పష్టం చేసుకోగలుగుతారు.

14.2 సందర్భం

ఒక గోడౌనులో సరుకు ప్యాకింగ్ చేసే ఒకామెకు వెన్నెముకకు క్షయ వచ్చింది. అయిదు నెలలకు పైగా సెలవులో ఉంది. నొప్పి తగ్గింది, నడవగలుగుతోంది. మందులు మాత్రం ఇంకా వాడాలి. వెన్నెముక క్షయకు సాధారణంగా ఏడాదికి తగ్గకుండా మందులు వాడవలసి ఉంటుంది. ఆమె పనిలో చేరదలచి మొదట ఇలా రాసింది :

“నాకు ఇప్పుడు నయమైంది. డాక్టరు గారు తేలికపాటి పని చేయవచ్చన్నారు. దయచేసి పనిలోకి తీసుకోండి.”

ఈ లేఖలో తప్పులేమీ లేవు. అయినా ఇది ఆమెను కాపాడదు. ‘తేలికపాటి పని’ అంటే ఏమిటి? గోడౌనులో ఒక్కో అట్టపెట్టె 12 కిలోలు. 40 కిలోల బస్తాలు మోయించే సూపర్‌వైజరుకు 12 కిలోల పెట్టె తేలికగానే కనిపిస్తుంది. ‘నయమైంది’ అన్న మాట చూసి మొదటి రోజే పూర్తి పని అప్పగించవచ్చు. కాదంటే, “మీరే కదా నయమైందని రాశారు” అంటారు.

14.3 డాక్టరు మాటను పని మాటగా మార్చడం

డాక్టరుకు మీ గోడౌను తెలియదు. కాబట్టి పరీక్షకు వెళ్ళే ముందు మీరు రోజూ చేసే పనులను ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి : ఎంత బరువు ఎత్తుతారు, ఎన్నిసార్లు వంగుతారు, ఎంతసేపు నిలబడతారు. ఒక్కొక్కటీ చేయవచ్చా, కూడదా అని అడగండి. ఆమె అలాగే అడిగి, జవాబులను సర్టిఫికెట్‌లో రాయించుకుంది.

“బరువులు ఎత్తకూడదు” అన్నది “5 కిలోలకు మించి ఎత్తకూడదు” అయింది. “వంగకూడదు” అన్నది “నడుము ఎత్తుకు కింద ఉన్న అరల నుండి సరుకు తీయకూడదు” అయింది. “ఎక్కువసేపు కూర్చోకూడదు” అన్నది “అరగంటకు ఒకసారి లేచి నడవాలి” అయింది. అంకె గాని, చోటు గాని ఉన్న మాటను ఎవరైనా ఒకే విధంగా అర్థం చేసుకుంటారు.

14.4 నమూనా లేఖ

తేది : 24-1-2026

మేనేజరు గారికి,

విషయం : 2-2-2026 నుండి తిరిగి పనిలో చేరుట – పని గంటలు, జాగ్రత్తలు.

అయ్యా,

నేను ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. అనారోగ్యం వల్ల 18-8-2025 నుండి సెలవులో ఉన్నాను. కింది షరతులతో పనిలో చేరవచ్చునని డాక్టరు గారు 23-1-2026న ఇచ్చిన సర్టిఫికెట్ నకలు జతపరుస్తున్నాను. నా జబ్బు ఇతరులకు అంటుకునేది కాదని కూడా అందులో రాశారు.

పని గంటలు ఈ విధంగా ఉండాలని కోరుతున్నాను :
1. 2-2-2026 నుండి 14-2-2026 వరకు : రోజుకు 4 గంటలు (ఉదయం 9 నుండి 1 వరకు).
2. 16-2-2026 నుండి 28-2-2026 వరకు : రోజుకు 6 గంటలు (భోజన విరామం కాక).
3. 2-3-2026 నుండి : మామూలుగా 8 గంటలు. దీనికి ముందు 27-2-2026న డాక్టరు గారు మళ్ళీ పరీక్షిస్తారు. ఆ రోజు సెలవు కావాలి.

నేను చేయకూడనివి : 5 కిలోలకు మించిన బరువు ఎత్తడం, ట్రాలీ తోయడం, కింది అరల నుండి సరుకు తీయడం. అరగంటకు ఒకసారి రెండు నిమిషాలు లేచి నడవాలి. పని గంటలు 8కి పెరిగినా, డాక్టరు గారు రాసి ఇచ్చేవరకు ఈ జాగ్రత్తలు కొనసాగుతాయి.

నేను చేయగలిగినవి : బల్ల దగ్గర చిన్న ప్యాకెట్లు కట్టడం, లేబుళ్ళు అంటించడం, స్టాకు రిజిస్టరు రాయడం, బిల్లులతో సరుకు సరిచూడడం.

మొదటి నాలుగు వారాలకు జీతం ఎలా లెక్కిస్తారో చేరకముందే రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
(సంతకం)

14.5 వివరణ

ఈ లేఖలో ఒక విషయాన్ని గమనించండి. గంటలు వేరు, బరువు వేరు. ఆమె మార్చి నెలలో 8 గంటలు పనిచేస్తుంది, కాని అప్పుడు కూడా 12 కిలోల పెట్టె ఎత్తదు. ఈ రెండింటినీ కలిపి రాస్తే, పూర్తి సమయం పనిచేయడం మొదలైన రోజే జాగ్రత్తలు ముగిశాయని పైవారు అనుకుంటారు.

చేయలేనివి మాత్రమే రాస్తే మేనేజరుకు మిగిలేది ఇబ్బంది ఒక్కటే. చేయగలిగినవి కూడా రాస్తే ఆయన ఏ పని అప్పగించాలో ఆలోచిస్తాడు.

జబ్బు పేరు లేఖలో రాయలేదు. మేనేజరుకు కావలసింది ఆమె ఏ పని చేయగలదు, ఏది చేయకూడదు అన్నది. అయితే తోటివారికి భయం కలగవచ్చు కాబట్టి, అంటుకోదన్న మాట డాక్టరు చేత రాయించింది. ఊపిరితిత్తులకు సోకకుండా వెన్నెముకకు మాత్రమే వచ్చిన క్షయ మరొకరికి వ్యాపించదు.

ఇది కోరిక లేఖ. ప్రైవేటు సంస్థ ఈ గంటలకు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు జాగ్రత్తలను వదులుకోకండి. గంటల విషయంలో మరో పద్ధతి అడగండి, లేదా మరికొన్ని వారాలు సెలవు కోరండి.

14.6 ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి

ఇ.ఎస్.ఐ. కింద జబ్బు కాలానికి డబ్బు వస్తున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పనిచేసిన రోజుకు ఆ సహాయం రాదు. సగం రోజు పనిచేసి, మిగిలిన సగానికి సహాయం అడగడం కుదరదు. అంటే 4 గంటలకు సగం జీతమే ఇస్తే, ఆ రెండు వారాలూ ఇంట్లో ఉన్నప్పటికంటే తక్కువ డబ్బు చేతికి రావచ్చు. అందుకే జీతం సంగతి చేరకముందే తేల్చుకోవాలి. పనిలో చేరవచ్చునని ఇ.ఎస్.ఐ. డాక్టరు ఇచ్చే చివరి సర్టిఫికెట్‌లోని తేదీ, మీ లేఖలోని తేదీ సరిపోయేలా చూసుకోండి.

14.7 చేరిన తరువాత

సాయంత్రం నొప్పి వచ్చి మర్నాటి ఉదయానికి తగ్గితే అదే దశలో కొనసాగవచ్చు. తగ్గకుండా రోజురోజుకూ పెరుగుతుంటే తరువాతి దశకు వెళ్ళకుండా డాక్టరును కలవాలి. కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా, మూత్రం రావడం కష్టమైనా పని ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. లేఖ నకలు మీద ఆఫీసులో అందినట్లు సంతకం, తేదీ వేయించుకుని దాచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. “బరువైన పనులు చేయలేను” అన్న వాక్యంలో లోపం ఏమిటి?
2. రెండవ డాక్టరు పరీక్ష 27-2-2026న ఎందుకు పెట్టుకుంది?
3. గుండె ఆపరేషన్ తరువాత చేరుతున్న ఒక గుమాస్తాను మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పారు. ఆయన కూర్చునే గది రెండవ అంతస్తులో ఉంది. జాగ్రత్తను, కోరికను రెండు వాక్యాలలో రాయండి.

జవాబులు

1. ఎంత బరువో, ఏ పనో చెప్పలేదు. చదివినవారు తమకు తోచినట్లు అర్థం చేసుకుంటారు.
2. పూర్తి గంటలు మొదలయ్యే ముందే డాక్టరు అభిప్రాయం చేతిలో ఉండడానికి.
3. “డాక్టరు గారి సలహా ప్రకారం నేను మెట్లు ఎక్కకూడదు. వారు మళ్ళీ పరీక్షించి రాసి ఇచ్చేవరకు నాకు కింది అంతస్తులో కూర్చునే చోటు ఇప్పించగలరు.”