కథ కొంత తెలియాలి, ముడి మాత్రం విప్పకూడదు

సినిమాకు వెళ్లేముందు దాని గురించి కాస్త కనుక్కోవడం మంచిదే. చిక్కంతా కనుక్కునే పద్ధతిలో ఉంది. పేరు కొట్టి పక్కన ‘స్టోరీ’ అని టైప్ చేయబోతాం. మనం ముగించకముందే సెర్చ్ పెట్టె ‘క్లైమాక్స్’, ‘ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ అంటూ తోక తగిలిస్తుంది. కింద వీడియోల వరస, వాటి బొమ్మల మీద ఎర్ర బాణాలు, ఫలానా పాత్ర ఫొటో మీద పెద్ద ఇంటూ గుర్తు. ఏదీ నొక్కకుండానే సగం సినిమా అయిపోతుంది.

కాబట్టి వెతకడానికి ముందే మీకేం తెలియాలో తేల్చుకోండి. పిల్లలతో చూడొచ్చా? రాత్రి పదింటికి మొదలుపెడితే ఎప్పటికి అవుతుంది? నవ్విస్తుందా, గుండె బరువెక్కిస్తుందా? వీటిలో ఒక్కదానికీ కథ అక్కర్లేదు. ‘సినిమా గురించి చూద్దాం’ అని బయల్దేరినవాడికే కథ ఎదురొస్తుంది. నిడివి కావాలనుకున్నవాడు నిడివి చూసుకుని వచ్చేస్తాడు.

‘దృశ్యం’ తీసుకుందాం. 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్, మీనా నటించిన సినిమా. ఇంట్లో పెద్దవాళ్లందరూ చూసేశారు, ఇంటర్ చదివే అమ్మాయి చూడలేదు. పండక్కి అందరూ కలిసినప్పుడు పెట్టాలనుకుంటోంది, ముందుగా కాస్త తెలుసుకోవాలనుకుంటోంది. ఈ అమ్మాయికి పొంచి ఉన్న ప్రమాదం తెలుగు సినిమాతో ఆగదు. ఆ సినిమాకు మూలం జీతూ జోసెఫ్ 2013లో మోహన్‌లాల్‌తో తీసిన మలయాళ చిత్రం. అదే కథ కన్నడంలో, తమిళంలో ‘పాపనాశం’గా, హిందీలో, ఆఖరికి సింహళంలో, చైనాలో కూడా వచ్చింది. తెలుగు పేజీని తప్పించుకున్నా, హిందీ సినిమా గురించి ఎవరో రాసిన రెండు లైన్లలో అదే గుట్టు బయటపడుతుంది. వీటన్నింటినీ మించినది రెండో భాగం. 2021లో వచ్చిన ‘దృశ్యం 2’ గురించి ఎంత పొదుపుగా రాసినా, మొదటి భాగంలో ఏం జరిగిందో చెప్పకుండా రాయలేరు. ఓటీటీలో ఆ పోస్టర్ కింద ఉండే ఒక్క వాక్యం చాలు. కాబట్టి రీమేక్‌లు, సీక్వెల్ ఉన్న సినిమా అయితే వాటి పేజీల జోలికి అసలు పోకూడదు.

ఇక తెలుగు సినిమా పేజీ. వికీపీడియాలో మొదటి పేరా వరకే చదవండి. దర్శకుడు, నటులు, విడుదల తేదీ, మహా అయితే కథకు ఆరంభం అక్కడ ఉంటాయి. ఆ తర్వాత వచ్చే Plot, తెలుగు వికీలో అయితే ‘కథ’ అనే శీర్షిక, చివరి సన్నివేశం దాకా చెప్పేస్తుంది. స్పాయిలర్ ఉందని కథను తొలగించకూడదన్నది ఇంగ్లీషు వికీపీడియా నియమం, కనుక హెచ్చరిక వస్తుందని ఎదురుచూడొద్దు. చాలామంది అక్కడ జాగ్రత్తపడి, ఆ కిందున్న తారాగణం దగ్గర దొరికిపోతారు. సస్పెన్స్ సినిమాలో నటుడి పేరు పక్కన ‘ఫలానావారి కొడుకు’ అనో ‘ఫలానావాడి అసలు పేరు’ అనో ఉండే నాలుగు ముక్కలు కథంతటితో సమానం. వెబ్‌సిరీస్‌లకు ఇంకో గండం ఉంది. ఐఎండీబీలో నటుడి పేరు పక్కన ఎన్ని ఎపిసోడ్లలో ఉన్నాడో అంకె ఉంటుంది. పది ఎపిసోడ్ల సిరీస్‌లో ముఖ్య పాత్రకు నాలుగే అని కనిపిస్తే ఇక చెప్పేదేముంది!

అదే ఐఎండీబీలో కథ పేజీ తెరిస్తే పైన చిన్న చిన్న సారాంశాలుంటాయి, అవి సాధారణంగా సురక్షితం. కిందికి జరిపితే వచ్చే Synopsis మొదటి నుంచి చివరి వరకు మొత్తం కథ. Parents guide అనే పేజీ పిల్లలున్న ఇంటికి బాగా పనికొస్తుంది. అందులో హింస, అసభ్యత, భయపెట్టే దృశ్యాలు వంటి అంశాలకు None, Mild, Moderate, Severe అని తీవ్రత ఇస్తారు. ఆ మాట వరకే చదివి, దాని కింద సన్నివేశాల వర్ణన మొదలుకాగానే ఆగిపోండి. మన సెన్సార్ సర్టిఫికెట్ అయితే మరీ నమ్మకస్తురాలు, కథ గురించి ఒక్క ముక్క మాట్లాడదు. 2024 చివరి నుంచి యూ/ఏ కూడా 7+, 13+, 16+ అని మూడు మెట్లుగా వస్తోంది కాబట్టి కొత్త సినిమాలకు అదొక్కటే చాలాసార్లు సరిపోతుంది.

ఇంత చేసినా ‘అసలు దేని గురించి?’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. దానికి మనిషిని అడగడమే మేలు. కానీ ‘కథ చెప్పవా’ అంటే మన బాబాయిలు ఇంటర్వెల్ దగ్గర ఆగరు. ‘ట్విస్ట్ చెప్పకు’ అన్నా లాభం లేదు, ఎందుకంటే ‘చెప్పనులే, కానీ చివర్లో మాత్రం దిమ్మ తిరుగుతుంది’ అంటారు. అదీ స్పాయిలరే. చివర్లో ఏదో ఉందని తెలిసినవాడు రెండున్నర గంటలూ అనుమానంతోనే కూర్చుంటాడు. అడిగేటప్పుడే గీత గీసి ఇవ్వాలి. ఆ అమ్మాయి తన బాబాయికి ఇలా మెసేజ్ పెట్టొచ్చు:

“బాబాయ్, దృశ్యం నేను చూడలేదు. మొదటి అరగంటలో తెలిసేది మాత్రమే మూడు వాక్యాల్లో చెప్పు. ఎవరు, ఎక్కడ, ఏం ఇబ్బంది వచ్చింది, అంతే. ట్విస్ట్ ఉందో లేదో కూడా చెప్పొద్దు. నాయనమ్మతో చూడొచ్చో లేదో విడిగా చెప్పు.”

దానికి సరైన జవాబు: “ఊళ్లో కేబుల్ కనెక్షన్లు ఇచ్చుకునే మనిషి, సినిమాల పిచ్చి. భార్య, ఇద్దరు కూతుళ్లు. ఓ రోజు ఆ ఇంటి మీద పోలీసుల కన్ను పడుతుంది.” సినిమాలో అసలు ఇబ్బంది అరగంట తర్వాతే మొదలైనా పర్వాలేదు, ట్రైలర్‌లో కనబడినంత చెప్పవచ్చు. చెప్పేవాళ్లకు ఓ కొలబద్ద: మీ వాక్యం విన్నవాళ్లకు కొత్త ప్రశ్న పుడితే క్షేమం, ఉన్న ప్రశ్నకు జవాబు దొరికితే ప్రమాదం. ‘పోలీసుల కన్ను పడుతుంది’ అంటే ఎందుకు అని అడగాలనిపిస్తుంది. ‘తప్పించుకుంటాడు’ అంటే అడగడానికేం మిగలదు. ‘రాత మారిపోతుంది’, ‘ఎవరూ ఊహించని వ్యక్తి’ వంటి మాటలు కూడా వద్దు, అవి సగం జవాబులు.

అడిగేవాళ్లూ ప్రశ్న జాగ్రత్తగా వేయాలి. ‘హీరో చనిపోతాడా?’ అని అడిగితే అవునన్నా, కాదన్నా, ఆఖరికి నవ్వి ఊరుకున్నా నష్టమే. ‘చూశాక మనసు బాగోదా?’ అని అడగండి. మొదటిది పాత్ర గురించి, రెండోది మీ గురించి.

ఒక్కచోట మాత్రం ఈ పద్ధతులేవీ పనిచేయవు. ఇంట్లో ఎవరికైనా ఏదో ఒక విషయం తెర మీద చూడలేని స్థితి ఉంటుంది: పసిపిల్లలకు జరిగే హాని, ఆత్మహత్య, ఆడపిల్లల మీద అఘాయిత్యం. కొన్ని సినిమాల్లో గుట్టంతా సరిగ్గా అదే. ‘ఇందులో అది ఉందా?’ అన్న ప్రశ్నకు ఉంది అనే జవాబే ముగింపు చెప్పేస్తుంది. అప్పుడు ఇంట్లో ఒకరు బలికావాల్సిందే. ముందే సినిమా చూసినవారైతే మరీ మంచిది. వాళ్లకు మీ జాబితా ఇచ్చి, ‘చూడొచ్చు’, ‘వద్దు’ అని మాత్రం చెప్పమనండి. జాబితాలో నిజంగా భయపడేవాటితో పాటు భయం లేనివి రెండు మూడు కలిపితే, వద్దు అన్నప్పుడు దేని వల్ల వద్దో మీకు తెలియదు. తర్వాత మనసు మార్చుకుని చూసినా సినిమా చెడదు.