రెండు సమీకరణాలను భాగించే హక్కు: తరచూ అడిగే ప్రశ్నలు

రెండు చలరాశులు కాలంతో పాటు మారుతున్నాయి. వాటి మార్పు వేగాలను చెప్పే రెండు సమీకరణాలు చేతిలో ఉన్నాయి. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే కాలం తొలగి, ఆ చలరాశులను కలిపే ఒకే సమీకరణం మిగులుతుంది. ఈ సదుపాయానికి షరతులున్నాయి. వాటిని చూడకుండా వాడుకున్నవారు తప్పు జవాబుతో బయటపడటం నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ "కాలనిరపేక్ష వ్యవస్థ" అంటే కుడివైపున t నేరుగా కనిపించని x' = f(x, y), y' = g(x, y) అనే సమీకరణాల జంట. "భాగహార సమీకరణం" అంటే dy/dx = g/f. "పథవక్రం" అంటే భాగహార సమీకరణాన్ని సాధిస్తే x, y తలంపై వచ్చే వక్రరేఖ. ఈ మూడు మాటలను చివరిదాకా ఇవే అర్థాల్లో వాడతాను.

1. భాగించే హక్కు ఎప్పుడు లభిస్తుంది?

రెండు షరతులు నెరవేరినప్పుడు. మొదటిది, వ్యవస్థ కాలనిరపేక్ష వ్యవస్థ అయి ఉండాలి. లేకపోతే భాగించిన తరువాత కూడా t మిగిలిపోతుంది, మూడు రాశులున్న ఒక్క సమీకరణంతో పని జరగదు. రెండోది, మీరు పరిశీలిస్తున్న భాగమంతటా హారం f సున్నా కాకూడదు. f సున్నా కానంతవరకు x ఒకే దిశలో పెరుగుతుంది లేదా తగ్గుతుంది కాబట్టి y ని x యొక్క ప్రమేయంగా చూడవచ్చు. అప్పుడు శృంఖల నియమం ప్రకారం y' = (dy/dx)·x' అవుతుంది. భాగహారానికి ఆధారం ఈ నియమమే.

2. ఒక నిజమైన వ్యవస్థపై దీన్ని ఎలా ప్రయోగించాలి?

1000 మంది ఉన్న హాస్టల్‌లో ఫ్లూ వ్యాపించిందనుకుందాం. S అంటే ఇంకా సోకనివారు, I అంటే ప్రస్తుతం జబ్బుతో ఉండి ఇతరులకు అంటించగలవారు. కోలుకున్నవారు ఈ రెండు సమీకరణాల్లోనూ రారు, అందుకే ఇది రెండు చలరాశుల వ్యవస్థ అయింది.

S' = −βSI
I' = βSI − γI

కాలాన్ని రోజుల్లో కొలుస్తూ సోకే రేటు β = 0.0005, కోలుకునే రేటు γ = 0.25 అని తీసుకుందాం. అంటే ఒక రోగి సగటున 4 రోజులు ఇతరులకు అంటించగలడు. ప్రారంభంలో S = 990, I = 10. రోగులు ఉన్నంతకాలం S' రుణాత్మకమే, ఎప్పుడూ సున్నా కాదు. కాబట్టి S' ను హారంగా పెట్టుకునే హక్కు మీకుంది.

dI/dS = (βSI − γI)/(−βSI) = −1 + 500/S

ఇందులో 500 అనేది γ/β విలువ.

3. లవంలోనూ హారంలోనూ ఉన్న I ని కొట్టివేయవచ్చా?

I సున్నా కానప్పుడు మాత్రమే కొట్టివేయవచ్చు. I = 0 అయితే S' , I' రెండూ సున్నా అవుతాయి. ఆ గీతపై ప్రతి బిందువూ ఒక సమతాస్థితి. అక్కడ మొదలైన వ్యవస్థ అక్కడే ఉండిపోతుంది. కొట్టివేసిన మరుక్షణం ఈ సాధనలన్నీ భాగహార సమీకరణం నుంచి మాయమవుతాయి. అందుకే కొట్టివేసే ముందే "I = 0 విడిగా ఒక సాధన" అని రాసి పెట్టుకోవాలి. ఆరో ప్రశ్నలో దాని అవసరం తెలుస్తుంది.

4. భాగహార సమీకరణాన్ని సాధించే క్రమం ఏమిటి?

ఇక్కడ కుడివైపున S ఒక్కటే ఉంది కాబట్టి నేరుగా సమాకలనం చేస్తే చాలు: I = −S + 500 ln S + C. S ధనాత్మకం కనుక సంవర్గమానం లోపల నిరపేక్ష విలువ గుర్తు అక్కరలేదు. C ని ప్రారంభ విలువల నుంచే తీసుకోవాలి. 990, 10 ప్రతిక్షేపిస్తే:

I = 1000 − S + 500 ln(S/990)

ఇదే మన పథవక్రం. అసలు వ్యవస్థలో S(t), I(t) లకు సరళమైన సూత్రం దొరకదు. కాలాన్ని వదులుకోవడానికి ఒప్పుకున్నందుకే ఈ సూత్రం దక్కింది.

5. పథవక్రం నుంచి ఏయే విషయాలు నిర్ధారించుకోవచ్చు?

రోగుల సంఖ్య ఎప్పుడు గరిష్ఠమవుతుందో ముందు చూద్దాం. S = 500 వద్ద dI/dS = 0. అక్కడ I = 500 + 500 ln(500/990), అంటే దాదాపు 158. ఒకే సమయంలో జబ్బుపడి ఉండేవారు ఇంతకు మించరు. ఎన్ని పడకలు సిద్ధం చేయాలో వార్డెన్ నిర్ణయించుకోవడానికి ఈ ఒక్క సంఖ్య చాలు.

రెండోది, చివరికి ఎంతమంది తప్పించుకుంటారు? I = 0 అని పెట్టి చూడండి. S = 200 దగ్గర సూత్రం 0.3 ఇస్తుంది, కాబట్టి అసలు విలువ 200 కి కాస్త దిగువన, 199.8 దగ్గర ఉంటుంది. దాదాపు 200 మందికి జబ్బు సోకదు, ప్రారంభంలో ఆరోగ్యంగా ఉన్న 990 మందిలో సుమారు 790 మందికి సోకుతుంది. సోకదగినవారు అయిపోవడం వల్ల జబ్బు ఆగలేదని గమనించండి. S 500 కంటే తగ్గాక ఒక్కో రోగి సగటున ఒకరికంటే తక్కువమందికే అంటించగలడు, అందుకే అది తగ్గుముఖం పట్టింది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. S = 990 వద్ద dI/dS విలువ −0.495. అది రుణాత్మకం కాబట్టి రోగులు తగ్గుతున్నారని రాసేస్తారు. కాలం గడిచేకొద్దీ S తగ్గుతుంది, కాబట్టి పథవక్రంపై ప్రయాణం కుడినుంచి ఎడమకు సాగుతుంది. dI/dS రుణాత్మకమైతే రోగులు పెరుగుతున్నట్టే. భాగహార సమీకరణం దిశను చెప్పదు. దిశ కోసం ప్రతిసారీ S' గుర్తును విడిగా చూసి, పథవక్రంపై బాణం వేసుకోవాలి.

6. S = 199.8 కి దిగువన సూత్రం రుణాత్మక I ని ఇస్తోంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ఆ భాగంపై మీకు హక్కు లేదు. మూడో ప్రశ్నలో పక్కన పెట్టిన I = 0 సాధనలు ఇక్కడ అడ్డుగోడలా నిలుస్తాయి. ఒక సాధన మరో సాధనను పరిమిత కాలంలో తాకడాన్ని ఏకైకతా సిద్ధాంతం అనుమతించదు. కాబట్టి వ్యవస్థ S = 199.8 వైపు వెళ్తూనే ఉంటుంది తప్ప అక్కడికి ఏ రోజూ చేరదు. మన సందర్భంలో సూత్రం చెల్లుబాటయ్యే పరిధి 199.8 < S ≤ 990 మాత్రమే. జవాబు రాసేటప్పుడు ఈ పరిధిని సూత్రం పక్కనే రాయండి.

7. కాలం కావాలంటే ఏం చేయాలి?

పథవక్రం రోజుల లెక్క చెప్పదు. దాన్ని తిరిగి మొదటి సమీకరణంలో పెట్టాలి. S' = −βS·I(S) కనుక, S = 990 నుంచి ఏ S కైనా పట్టే కాలం

t = ∫ dS / (βS·I(S)), S నుంచి 990 వరకు.

ఈ సమాకలనాన్ని సంఖ్యాపద్ధతిలో కట్టుకోవాలి. S = 500 వరకు లెక్కిస్తే సుమారు 17.5 రోజులు వస్తుంది. రోగులు గరిష్ఠ సంఖ్యకు చేరే గడువు అది. S = 199.8 దగ్గర హారం సున్నాకు చేరుతుంది కాబట్టి సమాకలనం అనంతమవుతుంది. చివరి దశలో I రోజుకు 0.15 రేటుతో, అంటే సుమారు 4.6 రోజులకోసారి సగమవుతూ తగ్గుతుంది. "జబ్బు పూర్తిగా ఎప్పుడు ముగుస్తుంది" అన్న ప్రశ్నకు ఈ సూత్రంలో తేదీ లేదు. "రోగులు ఒకరికంటే తక్కువ ఎప్పుడవుతారు" అని అడిగితే ఉంటుంది.

8. మధ్యలో β మారితే భాగహార సమీకరణం చెల్లుతుందా?

మారిన క్షణానికి అటూ ఇటూ విడివిడిగా చెల్లుతుంది. S = 700 కి చేరినప్పుడు గదులు వేరుచేసి β ని సగానికి తగ్గించారనుకోండి. అప్పటికి I విలువ 300 + 500 ln(700/990), అంటే దాదాపు 126.7. ఇక నుంచి γ/β = 1000. కొత్త పథవక్రం కొత్త ప్రారంభ విలువలతో మొదలవ్వాలి:

I = 826.7 − S + 1000 ln(S/700)

S ఇప్పటికే 1000 కంటే తక్కువ కాబట్టి రోగులు ఆ రోజు నుంచే తగ్గుతారు. చివరికి సుమారు 510 మంది తప్పించుకుంటారు. పాత ప్రారంభ విలువలైన 990, 10 లనే ఉంచి 500 స్థానంలో 1000 పెట్టినవారికి S = 700 వద్ద I = −46.6 వస్తుంది. రోగుల సంఖ్య రుణాత్మకంగా వచ్చిందంటే ప్రారంభ విలువలు మార్చడం మరిచారేమో ముందు చూడాలి.

ఒక మినహాయింపు: β, γ రెండూ కాలంతో మారినా వాటి నిష్పత్తి స్థిరంగా ఉంటే, భాగించినప్పుడు t రద్దయిపోతుంది, పథవక్రం మారదు. రెండూ మొదటినుంచీ రెట్టింపై ఉంటే గరిష్ఠం అదే 158, గడువు మాత్రం 17.5 రోజుల్లో సగం.

9. హారం మధ్యలో సున్నా అయితే?

వోల్టెరా 1926 లో ప్రచురించిన వేటాడే చేపలు, ఎర చేపల వ్యవస్థలో ఇదే జరుగుతుంది. అక్కడి పథవక్రం మూసుకున్న వలయం. ఎర చేపల సంఖ్య గరిష్ఠ, కనిష్ఠ స్థాయిలకు చేరిన చోట్ల x' = 0 అయి వక్రం నిట్టనిలువుగా నిలుస్తుంది. అక్కడ dx/dy = f/g అని తిప్పి రాసుకోవచ్చు, లేదా చలరాశులను వేరుచేసి వచ్చిన సంబంధాన్ని విప్పకుండా అలాగే ఉంచవచ్చు. f, g రెండూ ఒకేసారి సున్నా అయిన బిందువు దగ్గర మాత్రం ఏ రూపంలోనూ భాగించే హక్కు లేదు.

10. ఈ పద్ధతిని అసలు గణాంకాలపై ఎవరైనా వాడారా?

కెర్మాక్, మెక్‌కెండ్రిక్ 1927 లో వాడారు. వారు సోకనివారి సమీకరణాన్ని కోలుకున్నవారు లేదా మరణించినవారి సమీకరణంతో భాగించారు. హారం −βSI కి బదులు γI అయింది. వచ్చిన ఘాతీయ సంబంధాన్ని శ్రేణిగా విస్తరించి మొదటి కొన్ని పదాలే ఉంచుకున్నారు. దాంతో కాలం కూడా సూత్రంగా దొరికింది. దాన్ని 1905 డిసెంబర్ నుంచి 1906 జూలై వరకు బొంబాయి ప్లేగులో వారంవారం నమోదైన మరణాలతో పోల్చారు. వారికి వచ్చిన వక్రం 890 sech²(0.2t − 3.4), ఇందులో t వారాల్లో.

ఈ పోలికను ఉదహరించేటప్పుడు రెండు జాగ్రత్తలు చెప్పి తీరాలి. శ్రేణిని కుదించడం పెద్ద విజృంభణకు చెల్లదు. పైగా ప్లేగు ఎలుకల మీది గోమార్ల ద్వారా వచ్చే జబ్బు, మనిషి నుంచి మనిషికి నేరుగా అంటుకుంటుందని చెప్పే సమీకరణాలు దానికి యథాతథంగా సరిపోవు.

11. నా సాధన సరైనదేనని ఎలా నిరూపించుకోవాలి?

పథవక్రాన్ని H = S + I − 500 ln S రూపంలో రాయండి. t తో అవకలనం చేసి, S', I' ల స్థానంలో అసలు వ్యవస్థను పెట్టండి: −γI + 500βI వస్తుంది. 500β = γ కనుక అది సున్నా. సున్నా రాకపోతే భాగహారంలో గుర్తు తప్పింది, లేదా నిష్పత్తి తలకిందులైంది. కంప్యూటర్‌తో రోజురోజుకూ లెక్కించేవారు కూడా ప్రతి అడుగులో H ను ముద్రించుకోవాలి. అది మొదటి విలువ నుంచి క్రమంగా జరిగిపోతుంటే కాలపు అడుగు మరీ పెద్దదని అర్థం. దాన్ని సగం చేసి మళ్లీ నడపండి.